ట్రైలర్‌లో సినిమాది ఎంత, ఎడిటర్‌ది ఎంత: అసలు ధోరణిని పసిగట్టే విధానం

క్లుప్తంగా: సినిమా చూసి బయటికొచ్చిన ప్రేక్షకులు "ట్రైలర్‌లో చూపించింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి" అనుకోవడం తరచుగా జరిగేదే. ట్రైలర్‌లో కనిపించే షాట్లు చాలావరకు సినిమాలోవే అయినా, వాటికి తోడయ్యే సంగీతం, వేగం, వరుస, వ్యాఖ్యానం సాధారణంగా సినిమాలోవి కావు. సినిమా ధోరణి గురించి, అంటే అది నవ్విస్తుందా, భయపెడుతుందా, బాధపెడుతుందా అన్నదాని గురించి, ట్రైలర్ కలిగించే అభిప్రాయంలో అధిక భాగం ఈ రెండో రకం అంశాల నుంచే పుడుతుంది. ఎడిటర్ సులభంగా మార్చగలిగిన వాటిని పక్కన పెట్టి, మార్చడం కష్టమైన వాటిని గమనిస్తే సినిమా స్వభావం చాలావరకు తెలుస్తుంది. అయితే కొన్ని సందర్భాల్లో ఈ పద్ధతి కూడా పనిచేయదు.

## ఒకే సినిమా, రెండు రసాలు

ట్రైలర్ ఎంత దూరం తప్పుదారి పట్టించగలదో తెలుసుకోవడానికి 2005లో న్యూయార్క్‌లో జరిగిన ఒక ప్రయోగం బాగా ఉపకరిస్తుంది. ఎడిటింగ్ సంస్థల్లో పనిచేసే సహాయకుల కోసం ఒక పోటీ నిర్వహించారు. ఏదైనా సినిమాను తీసుకుని, అది ఏ రకం సినిమానో దానికి పూర్తిగా భిన్నంగా కనిపించే ట్రైలర్‌ను కట్ చేయాలన్నది అందులోని షరతు. రాబర్ట్ రయాంగ్ అనే సహాయ ఎడిటర్ స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన 'ది షైనింగ్'ను ఎంచుకున్నాడు. మంచులో చిక్కుకున్న ఖాళీ హోటల్లో ఒక రచయిత క్రమంగా మతి తప్పి, భార్యాబిడ్డలను చంపడానికి గొడ్డలి పట్టే కథ అది. రయాంగ్ కట్ చేసిన ట్రైలర్‌లో మాత్రం అది పుస్తకం ముందుకు సాగక సతమతమయ్యే తండ్రికీ, తండ్రి ప్రేమ కోసం చూసే కొడుకుకూ మధ్య అల్లుకునే అనుబంధాల కథగా, సరదా కుటుంబ చిత్రంగా కనిపిస్తుంది.

అతడు కొత్తగా ఒక్క షాట్ కూడా తీయలేదు, ఉన్న షాట్లలోని దృశ్యాన్ని మార్చలేదు. నటుడు నవ్వే షాట్లను వెతికి పట్టాడు, హాయిగా పలికే గొంతుతో వ్యాఖ్యానం జోడించాడు, చివర్లో పీటర్ గాబ్రియేల్ పాడిన హుషారైన పాటను పెట్టాడు. ఇంటర్నెట్‌లో విస్తృతంగా తిరిగిన ఆ వీడియోను చాలామంది తమాషాగా చూసి వదిలేశారు కానీ, ట్రైలర్లను చదవడం నేర్చుకోవాలనుకునే వారికి అదొక పాఠ్యగ్రంథంతో సమానం. భయానకాన్ని హాస్యంగా మార్చడానికి అతడు వేటిని మార్చాల్సి వచ్చిందో, అవన్నీ ధోరణికి సాక్ష్యంగా పనికిరావు. అతడు మార్చలేకపోయినవే, కనిపించకుండా దాచేయాల్సి వచ్చినవే అసలు సాక్ష్యం. మార్చినవి సంగీతం, వ్యాఖ్యానం, షాట్ల వరుస, ఒక్కో షాట్ నిడివి. దాచేయాల్సి వచ్చినవి హోటల్ నడవల్లో కెమెరా నెమ్మదిగా సాగే సుదీర్ఘమైన షాట్లు, నటుల మధ్య మాట ఆగిపోయే క్షణాలు, ఆ కథలో అంతటా పరుచుకున్న నిశ్శబ్దం.

అసలైన ట్రైలర్లు ఇంత తలకిందులుగా ఉండటం అరుదు. కానీ వాటి పనితీరు ఇదే, మోతాదు మాత్రమే వేరు.

## ట్రైలర్ ఎవరి చేతుల్లో తయారవుతుంది

దర్శకుడే కూర్చుని ట్రైలర్ కట్ చేస్తాడన్న నమ్మకం చాలామందిలో ఉంది. కొందరు దర్శకులు ఆ పని చేస్తారు కూడా. కానీ పెద్ద స్టూడియోల విషయంలో ఈ పని ప్రత్యేకంగా ట్రైలర్లు మాత్రమే కట్ చేసే సంస్థలకు వెళ్తుంది. సినిమా ఎడిటింగ్ పూర్తికాక ముందే ఆ సంస్థలకు షూటింగ్‌లో తీసిన ఫుటేజీ అందుతుంది. ఒకే సినిమాకు రెండు మూడు సంస్థలు విడివిడిగా ట్రైలర్లు తయారుచేసి చూపించడం, వాటిలో ఒకటి ఎంపికవ్వడం, లేదా ఒకదాని మొదటి భాగాన్ని మరొకదాని చివరి భాగంతో కలపడం మామూలే. వారు సమాధానం చెప్పుకోవాల్సింది ప్రచార విభాగానికి. సినిమా మొత్తం మీద ఎలాంటి అనుభూతి మిగులుతుందన్నది ఆ విభాగం ప్రశ్న కాదు, మొదటి మూడు రోజుల్లో ఎంతమంది టికెట్ కొంటారన్నదే దాని ప్రశ్న.

ఈ ఏర్పాటు వల్ల రెండు ఫలితాలు కలుగుతాయి. మొదటిది సంగీతానికి సంబంధించినది. ట్రైలర్ కట్ చేసే సమయానికి సినిమా నేపథ్య సంగీతం తరచుగా సిద్ధంగా ఉండదు కాబట్టి, ట్రైలర్ల కోసమే ప్రత్యేకంగా సంగీతం తయారుచేసి నిల్వ ఉంచే సంస్థల నుంచి బీజీఎం కొనుక్కుంటారు. అంటే ప్రేక్షకుడి గుండె వేగం పెంచిన ఆ సంగీతం సినిమాలో ఒక్కసారి కూడా వినిపించకపోవచ్చు. పాత హిట్ పాటను బాగా నెమ్మదించి, ఒంటరి గొంతుతో పాడించి గంభీరత తెప్పించే అలవాటు ఇటీవలి ట్రైలర్లలో ఎంతగా పెరిగిందంటే, ఆ గంభీరత సినిమాది అనుకోవడానికి ఇప్పుడు కారణమే లేదు.

రెండో ఫలితం అనుమతులకు సంబంధించినది. థియేటర్లో వేరే సినిమాకు వచ్చిన ప్రేక్షకుల ముందు వేయాలి కాబట్టి ట్రైలర్‌కు విడిగా పరిశీలన జరుగుతుంది. అమెరికాలో ఆకుపచ్చ పట్టీతో మొదలయ్యే ట్రైలర్లలో రక్తం, తీవ్రమైన హింస, బూతులు ఉండకూడదు. అందువల్ల పెద్దలకు మాత్రమే పరిమితమైన సినిమా కూడా ట్రైలర్‌లో మెత్తబడిపోతుంది. కొట్టడానికి చెయ్యి ఎత్తడం కనిపిస్తుంది, దెబ్బ తగలడం కనిపించదు. హింస అనేది జరగడం ఒక ఎత్తు, దాని బరువును కెమెరా ఎంతసేపు చూపిస్తుందన్నది మరో ఎత్తు. ధోరణిని నిర్ణయించేది రెండోదే, ట్రైలర్‌లో మాయమయ్యేదీ అదే.

## శబ్దాన్ని, చిత్రాన్ని విడదీసి చూడటం

ట్రైలర్‌ను పరిశీలనగా చూడదలచినవారికి మొదటి పని చాలా తేలికైనది. ఒకసారి మామూలుగా చూసి, రెండోసారి మ్యూట్‌లో చూసి, మూడోసారి తెర వైపు చూడకుండా వినాలి. మొత్తం ఏడెనిమిది నిమిషాలకు మించని పని ఇది.

మ్యూట్‌లో చూసినప్పుడు ముందుగా తెలిసివచ్చేది సంగీతం ఎంత పని చేస్తోందన్నది. మామూలుగా చూసినప్పుడు ఉత్కంఠగా అనిపించిన ముప్పై సెకన్లు నిశ్శబ్దంలో చూస్తే ఒక మనిషి కారు దిగడం, ఒక తలుపు తెరుచుకోవడం, ఒక స్త్రీ వెనక్కి తిరిగి చూడటం మాత్రమే కావచ్చు. ఆ షాట్లు థ్రిల్లర్‌కూ సరిపోతాయి, కుటుంబ కథకూ సరిపోతాయి. అలాంటి చోట ప్రేక్షకుడికి అందిన ఉత్కంఠ సినిమా నుంచి వచ్చినది కాదని గుర్తించాలి. అదే నిశ్శబ్దంలోనూ ముఖాల్లో, శరీరాల్లో భయం కనిపిస్తే అది నటన నుంచి వచ్చింది, కాబట్టి సినిమాలోనూ ఉంటుంది.

వినడంలో గమనించాల్సిన అంశం సంభాషణలు. తెర మీద పెదవులు కదులుతూ వినిపించే మాటకూ, వేరే దృశ్యం మీద వినిపించే మాటకూ విలువలో చాలా తేడా ఉంది. మొదటి దాంట్లో ఎవరు, ఎక్కడ, ఏ ముఖంతో ఆ మాట అన్నారో కనిపిస్తుంది. రెండో దాంట్లో ఆ మాటను ఏ సన్నివేశం నుంచైనా తెచ్చి, ఏ దృశ్యం మీదైనా అతికించవచ్చు. "నువ్వు చేసింది క్షమించరానిది" అన్న వాక్యం పేలుడు దృశ్యం మీద వినిపిస్తే ప్రళయంలా ఉంటుంది, సినిమాలో అది వంటింట్లో అక్క తమ్ముడితో అన్న మాట కావచ్చు. ఒక ట్రైలర్‌లోని బరువైన మాటల్లో పెదవులు కనిపించేవి ఎన్నో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది, చాలాసార్లు అవి రెండో మూడో మించవు.

హాస్యం విషయంలో ఇదే కిటుకు ప్రతిస్పందన షాట్ల రూపంలో కనిపిస్తుంది. ఒకరు జోకు వేస్తారు, వెంటనే ఇంకొకరు నవ్వు ఆపుకుంటున్న ముఖం పడుతుంది. ఆ రెండు ముఖాల వెనుక ఉన్న గోడ, వెలుతురు, దుస్తులు ఒకే చోటివో కాదో చూడాలి. ఒక ముఖాన్ని దేని పక్కన పెడితే దానికి తగ్గ భావం ఆ ముఖంలో కనిపిస్తుందని రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ దాదాపు వందేళ్ల కిందట చెప్పిన సూత్రమే ట్రైలర్ ఎడిటర్లకు నిత్యోపయోగి. జోకు, నవ్వు రెండూ ఒకే షాట్‌లో, ఒకే ఫ్రేమ్‌లో ఉంటే ఆ హాస్యం సినిమాదే. వేర్వేరు షాట్లలో ఉంటే అప్పుడే తీర్పు ఇవ్వకూడదు.

## కత్తెర పడని చోట

సుమారు రెండు గంటల సినిమా 7,200 సెకన్లు. రెండు నిమిషాల ఇరవై సెకన్ల ట్రైలర్ 140 సెకన్లు, అంటే సినిమాలో రెండు శాతం లోపు. అందులో సంస్థల లోగోలు, అక్షరాలు, పేర్లు పోగా నూట ఇరవై సెకన్లు మిగిలాయనుకుంటే, అందులో నూరు షాట్లు ఉన్నాయనుకుంటే, ఒక్కో షాట్ సగటు నిడివి సెకనుకు కాస్త పైన. ఆ వేగంలో మనిషి అన్నం తిన్నా యాక్షన్ సన్నివేశంలాగే ఉంటుంది. వేగం ట్రైలర్‌దే తప్ప సినిమాది కాదు.

అందుకే ట్రైలర్‌లో అన్నిటికన్నా పొడవైన షాట్‌ను వెతకడం మంచి పద్ధతి. అది నాలుగు సెకన్లే కావచ్చు, కానీ ఆ నాలుగు సెకన్లలో దర్శకుడి కాలగతి బయటపడుతుంది. కెమెరా కదులుతోందా, నిలబడి ఉందా? మనుషులు ఫ్రేమ్‌లో దగ్గరగా ఉన్నారా, పెద్ద ప్రదేశంలో చిన్నగా కనిపిస్తున్నారా? మాట పూర్తయ్యాక నటుడు ఎంతసేపు ఆగాడు? ఆ ఆగడాన్ని కత్తిరించకుండా వదిలారంటే, అలాంటివి సినిమాలో చాలా ఉండవచ్చు. ఇంకో మాట: ట్రైలర్‌లోని మొదటి నలభై సెకన్లు సాధారణంగా పాత్రల్ని, ప్రపంచాన్ని పరిచయం చేస్తాయి కాబట్టి నిదానంగా ఉంటాయి. చివరి ముప్పై సెకన్లలో సంగీతం ఉధృతమై సెకనుకు రెండు మూడు షాట్లు పడతాయి. చూసినవారికి గుర్తుండిపోయేది చివరి భాగమే, అంచనాకు పనికొచ్చేది మాత్రం మొదటి భాగం.

2011లో వచ్చిన 'డ్రైవ్' ఇందుకు చక్కని ఉదాహరణ. పగలు సినిమాల్లో స్టంట్లు చేస్తూ, రాత్రి దొంగలకు కారు నడిపే యువకుడి కథ అది. నికొలస్ విండింగ్ రెఫ్న్‌కు ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి పురస్కారం దక్కింది. కానీ అమెరికాలో విడుదల రోజున ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించే సినిమాస్కోర్‌లో దానికి 'సీ మైనస్' వచ్చింది. విమర్శకులు మెచ్చింది, మొదటి రోజు ప్రేక్షకులు నొచ్చుకుంది ఒకే లక్షణాన్ని చూసి. కార్లు ఒకదాన్నొకటి వెంటాడే సన్నివేశాలు కొన్నే ఉండటం, మిగిలిన సమయమంతా మితంగా మాట్లాడే మనుషులు, దీర్ఘమైన మౌనాలు, మధ్యలో ఉన్నట్టుండి విరుచుకుపడే భయంకరమైన హింస ఉండటం ఆ లక్షణం. ప్రచారం కార్లను ముందుకు తోసింది. అయినా ఆ ట్రైలర్‌ను మ్యూట్‌లో పెట్టి కథానాయకుడి ముఖాన్ని మాత్రమే గమనిస్తే, వేగవంతమైన కార్ల సినిమాల్లో కనిపించే చలాకీతనం, పందెం ఉత్సాహం ఎక్కడా లేవని తెలిసిపోతుంది. అతడు మాట్లాడేది తక్కువే. ట్రైలర్‌లో కథానాయకుడికి మాటలు పెద్దగా దొరకలేదంటే సినిమాలో కూడా దొరకకపోవచ్చునన్నది సబబైన ఊహ.

## దుస్తుల లెక్క: ఒక ట్రైలర్‌ను విప్పి చూస్తే

ధోరణిని తప్పుగా చూపించే మార్గాల్లో అన్నిటికన్నా సామాన్యమైనది నిష్పత్తిని మార్చడం. సినిమాలో పది నిమిషాలున్న అంశం ట్రైలర్‌లో సగం ఆక్రమిస్తే, ప్రతి షాట్ నిజమే అయినా మొత్తం అబద్ధమవుతుంది. దీన్ని పట్టుకోవడానికి దుస్తులు, వెలుతురు, ప్రదేశం తోడ్పడతాయి. ట్రైలర్‌లోని భారీ దృశ్యాలన్నిటిలో కథానాయకుడు ఒకే చొక్కాలో, ఒకే గాయంతో, ఒకే రకమైన సాయంకాలపు వెలుతురులో కనిపిస్తే, ఆ పదిహేను షాట్లు పదిహేను సన్నివేశాలవి కావు, ఒకే సన్నివేశాన్ని ముక్కలు చేసి ట్రైలర్ అంతటా చల్లినవి. మామూలు సంభాషణల దృశ్యాల్లో మాత్రం అయిదారు రకాల దుస్తులు, వేర్వేరు గదులు కనిపిస్తే సినిమా ఎక్కువ సమయం గడిపేది అక్కడే.

2007లో వచ్చిన 'బ్రిడ్జ్ టు టెరబీథియా' విషయంలో ఈ లెక్క ఎలా పనిచేస్తుందో చూడవచ్చు. (కథలోని ముఖ్యమైన మలుపు ఇక్కడ ప్రస్తావనకు వస్తుంది.) డిస్నీ, వాల్డెన్ మీడియా సంస్థలు కలిసి విడుదల చేసిన ఈ సినిమాకు ముందు, అవే సంస్థల నుంచి 2005లో 'నార్నియా' వరుసలో మొదటి చిత్రం వచ్చి ఘనవిజయం సాధించింది. కొత్త సినిమా ప్రచారం ఆ బాటలోనే నడిచింది. అడవిలో మహాకాయుడు, వింత జీవులు, మంత్రలోకం, ఇద్దరు పిల్లల సాహసం చూపించారు. థియేటర్‌కు వెళ్లిన కుటుంబాలకు దక్కింది మాత్రం బడిలో ఏడిపించే తోటి పిల్లలు, ఇంట్లో డబ్బు ఇబ్బందులు, ముభావంగా ఉండే తండ్రి మధ్య ఒంటరిగా ఉన్న అబ్బాయికి ఒక స్నేహితురాలు దొరకడం, ఆ తర్వాత ఆమె హఠాత్తుగా చనిపోవడం, ఆ దుఃఖాన్ని అతడు మోయడం. అది కరుణరస ప్రధానమైన కథ. సినిమా మంచిదే, కానీ చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని వినోదం కోసం వెళ్లిన తల్లిదండ్రులు సిద్ధపడి వెళ్లిన సినిమా అది కాదు.

ఈ సంగతి ముందే తెలుసుకునే అవకాశం ఉందా? వింత జీవులు కనిపించే షాట్లను విడిగా తీసి వాటిలో మనుషులెవరెవరున్నారో చూస్తే సమాధానం దొరుకుతుంది. సినిమాలో ఆ జీవుల్ని చూసేది ఆ ఇద్దరు పిల్లలే. చివరలో చెల్లెలిని మినహాయిస్తే, తల్లిదండ్రులు గానీ టీచర్లు గానీ తోటి విద్యార్థులు గానీ ఆ జీవులతో ఒకే ఫ్రేమ్‌లోకి రారు. నిజమైన మంత్రలోక కథల్లో ఏదో ఒక దశలో ఆ లోకం ఈ లోకాన్ని తాకుతుంది, ఎవరో ఒక పెద్దవారు నోరు వెళ్లబెట్టి చూస్తారు. ఆ తాకిడి ఎక్కడా కనిపించలేదంటే అది పిల్లల ఊహ కావచ్చునని అనుమానించాలి. ఊహే అయితే, పిల్లలు ఎందుకు ఊహలోకి పారిపోతున్నారన్నది సినిమా అసలు విషయమవుతుంది. అప్పుడు ట్రైలర్‌లో రెండు మూడు సెకన్లు మాత్రమే కనిపించే ఇల్లు, బడి దృశ్యాలే సినిమాకు నేల అని, అడవి దానిమీద పరిచిన తివాచీ అని అర్థమవుతుంది.

ట్రైలర్ బయటి ఆధారం మరొకటి కూడా ఉంది. ఈ సినిమాకు మూలం కాథరిన్ పేటర్సన్ 1977లో రాసిన నవల. తన కొడుకు చిన్నతనంలో అతడి స్నేహితురాలు పిడుగుపాటుకు చనిపోయిన నేపథ్యంలో ఆమె దాన్ని రాశారు. ఆ కొడుకే పెద్దయ్యాక సినిమాకు రచయితల్లో ఒకడిగా, నిర్మాతల్లో ఒకడిగా పనిచేశాడు. మూలకథ పేరు చివరి అక్షరాల్లో కనిపించిన ప్రతిసారీ దాని గురించి రెండు వాక్యాలు చదవడం, ట్రైలర్‌ను పదిసార్లు చూడటం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. అలా చదివితే కథ ముగింపు తెలిసిపోయే ప్రమాదం ఉంది, ఆ ఖరీదు చెల్లించాలో వద్దో చూసేవారి ఇష్టం.

## కనిపించనివి

ఒక అంశం సినిమాలో ప్రధానమై ఉండీ ట్రైలర్‌లో అసలు కనిపించకపోతే, దానివల్ల టికెట్లు తగ్గుతాయని ప్రచార విభాగం భావించిందని అనుకోవచ్చు. పాత్రలు మాటలకు బదులు పాటల్లోనే సంభాషించే పాశ్చాత్య సంగీత రూపకాల విషయంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. టిమ్ బర్టన్ 2007లో తీసిన 'స్వీనీ టాడ్' బ్రాడ్‌వే సంగీత రూపకానికి తెర రూపం, అందులో కథ నడిచేది ప్రధానంగా పాటలతోనే. ట్రైలర్‌లో పాట కనిపించేది చాలా స్వల్పం. 2023లో వచ్చిన 'వోంకా' ప్రచారమూ పాటల్ని దాదాపు దాచిపెట్టింది. పరభాషా చిత్రాల ట్రైలర్లలో ఒక్క సంభాషణ కూడా వినిపించకుండా దృశ్యాలు, సంగీతంతో సరిపెట్టడం కూడా ఇదే కోవకు చెందుతుంది, సబ్‌టైటిళ్లు చదవాలంటే వెనకాడే ప్రేక్షకులకు అది భాషను దాచిపెట్టే ఉపాయం.

అందువల్ల చూస్తున్నప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ రకం సినిమాలో తప్పక ఉండాల్సింది ఏమిటి, అది ఇక్కడ ఉందా? ప్రేమకథ అని చెబుతూ జంట ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో హాయిగా ఉన్న దృశ్యం ఒక్కటీ లేకపోతే అనుమానించాలి. రాక్షసుడి కథ అని సూచిస్తూ రాక్షసుడి నీడ కూడా చూపకపోతే అనుమానించాలి.

ఈ చివరి మాటకు 2017 నాటి 'ఇట్ కమ్స్ ఎట్ నైట్' సాక్ష్యం. అంతుచిక్కని అంటువ్యాధి వ్యాపించిన కాలంలో అడవి మధ్య ఒక ఇంట్లో తలదాచుకున్న రెండు కుటుంబాలు పరస్పర అనుమానంతో నాశనమవడం దాని కథ. పేరులోనేమో 'అది రాత్రిపూట వస్తుంది' అని ఉంది, ప్రచారం కూడా చీకట్లో ఏదో పొంచి ఉందన్న భావాన్నే కలిగించింది. సినిమాలో రాత్రిపూట వచ్చే జీవి ఏదీ లేదు. సినిమాస్కోర్‌లో ప్రేక్షకులు దానికి 'డీ' ఇచ్చారు. కానీ ప్రచార చిత్రాల్లో నిజంగా కనిపించేవి గ్యాస్ మాస్కులు, మూసి ఉన్న ఎర్ర తలుపు, లాంతరు పట్టుకున్న యువకుడు, ఒకరిపై ఒకరు తుపాకి గురిపెట్టిన మనుషులు. ఆయుధం మనిషి వైపే ఉంది. దాన్ని బట్టి చూస్తే ఆ కథలో ప్రమాదం ఎక్కడ ఉందో ట్రైలర్ దాచలేదు, సంగీతంతో దృష్టి మళ్లించింది అంతే.

## ఈ పద్ధతి పనిచేయని సందర్భాలు

సినిమానే మధ్యలో మారిపోయినప్పుడు ట్రైలర్‌ను ఎంత శ్రద్ధగా చదివినా లాభం ఉండదు. 2016లో వచ్చిన 'రోగ్ వన్'కు ట్రైలర్లు విడుదలైన కాలంలోనే కొన్ని భాగాలు మళ్లీ షూట్ చేశారు. ఫలితంగా ట్రైలర్లలో ప్రముఖంగా కనిపించిన షాట్లు పూర్తయిన సినిమాలో లేకుండా పోయాయి. ఇక్కడ మోసగించాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు, ట్రైలర్ తయారైన నాటి సినిమా వేరు, విడుదలైన నాటి సినిమా వేరు.

2003 నాటి 'కంగారూ జాక్' ఇంకో రకం. అది మొదట పెద్దల కోసం తీసిన నేరకథా హాస్యచిత్రం. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులకు కంగారూ ఉన్న కొద్దిపాటి దృశ్యం తప్ప మిగిలింది నచ్చకపోవడంతో, దాన్ని పిల్లల సినిమాగా సవరించి, మాట్లాడే కంగారూతో ప్రచారం చేశారు. కథ నడిచినంతసేపూ ఆ కంగారూ మాట్లాడేది ఒక పాత్ర భ్రమలో మాత్రమే. షాట్ నిజమైనదే, పెదవులు కదిలాయి, కట్ కాలేదు. ఇంతకుముందు చెప్పిన పరీక్షల్లో చాలావాటిని నెగ్గిన షాట్ అది. కలలు, భ్రమలు, ఊహల నుంచి తీసిన దృశ్యాలను ట్రైలర్ నిజ సంఘటనలుగా చూపించినప్పుడు పై పద్ధతుల్లో దుస్తుల లెక్క ఒక్కటే కొంతవరకు కాపాడుతుంది.

ఇలాంటి సందేహం ఉన్నచోట, విడుదలకు ముందు వెలువడే సెన్సార్ ధృవపత్రం వివరాలు మేలు. ఉదాహరణకు బ్రిటన్‌లో ఏ వయసువారు ఏ సినిమా చూడవచ్చో నిర్ణయించే వర్గీకరణ సంస్థ తన నిర్ణయానికి కారణాలను వెల్లడిస్తుంది, హింస ఎంత అన్నదానితో పాటు మొత్తం ధోరణి ఎంత కలవరపెడుతుందో కూడా పరిగణిస్తుంది. ప్రచార విభాగానికి ఆ వాక్యాల మీద అధికారం లేదు. సరదా కుటుంబ చిత్రంలా కనిపిస్తున్న ట్రైలర్‌కు "మరణం, దుఃఖం" అన్న గమనిక తోడైతే నమ్మాల్సింది గమనికనే.

## న్యాయస్థానాలు గీసిన గీత

ట్రైలర్ తప్పుదారి పట్టించిందంటూ కోర్టుకెళ్లినవారూ ఉన్నారు. 'డ్రైవ్' ప్రచారం కార్ల పందేల సినిమా అన్న భ్రమ కలిగించిందని అమెరికాలోని మిషిగన్‌లో ఒక ప్రేక్షకురాలు 2011లో దావా వేశారు, అది నిలబడలేదు. ఒక హిందీ సినిమా ట్రైలర్‌లో ఉన్న పాట సినిమాలో లేదన్న ఫిర్యాదుపై వినియోగదారుల కమిషన్ పరిహారం ఇప్పించగా, 2024 ఏప్రిల్‌లో భారత సుప్రీంకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చింది. ట్రైలర్ ఏకపక్షమైన ప్రచారం మాత్రమేనని, అందులో చూపినదంతా సినిమాలో ఉంటుందన్న ఒప్పందం దానివల్ల ఏర్పడదని పేర్కొంది.

'యెస్టర్‌డే' అనే సినిమా ట్రైలర్‌లో కనిపించిన నటి సినిమాలో లేకపోవడంపై నడిచిన కేసులో, 2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ జడ్జి ఒకరు కొంత భిన్నంగా స్పందించారు. ట్రైలర్ కూడా వాణిజ్య ప్రకటనేనని, తప్పుడు ప్రకటనల చట్టం దానికి వర్తించవచ్చునని అన్నారు. ఆ దావా కూడా తర్వాత వీగిపోయింది. అయితే ఆ ఉత్తర్వులోని పరిమితి గమనించదగ్గది. ఒక నటి గానీ ఒక దృశ్యం గానీ సినిమాలో ఉందా లేదా అన్నంతవరకే చట్టం చూస్తుందని జడ్జి స్పష్టం చేశారు. నటి ఉన్నదీ లేనిదీ తేల్చవచ్చు. విషాదాన్ని సరదాగా చూపించారా, మౌనాన్ని హోరుగా మార్చారా అన్నది ఆ పరిధిలోకి రాదు. ట్రైలర్లను కట్ చేసేవారికి ఈ గీత ఎక్కడుందో బాగా తెలుసు, వారి స్వేచ్ఛ అంతా దానికి అవతలి వైపే ఉంది.